బంగారం 4,000 డాలర్లు దాటింది, నా గని కంపెనీ లాభం మాత్రం అక్కడే ఉంది. ఎందుకు?

కిరణ్_డాలస్
అందరికీ నమస్కారం. ఒక ఆస్ట్రేలియన్ బంగారు గని కంపెనీ షేర్లు నా దగ్గర రెండేళ్లుగా ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పను, చిన్నదే. 2025 అక్టోబరులో బంగారం ఔన్సు 4,000 డాలర్లు దాటినప్పుడు ఇక మన పంట పండిందనుకున్నా. త్రైమాసిక ఫలితాలు చూస్తే లాభం నిరుటి లెక్కకు అటూ ఇటూగా అక్కడే ఉంది. రిపోర్టులో "హెడ్జ్ డెలివరీల" కింద సగానికి పైగా బంగారాన్ని పాత ధరకే అప్పగించామని రాశారు. బంగారం పెరుగుతుందని నమ్మకం లేకపోతే గని ఎందుకు తవ్వుతున్నట్టు? నమ్మకం ఉంటే ముందే ఎందుకు అమ్ముకున్నట్టు? కాస్త వివరంగా తెలిసినవాళ్లు చెప్పండి.

వెంకట్_1983
బ్రదర్, హెడ్జింగ్ అంటే ఇన్సూరెన్స్. కారుకి కట్టినట్టే. యాక్సిడెంట్ కాకపోతే ప్రీమియం పోతుంది, అంతకు మించి నష్టం ఉండదు. మీ కంపెనీకి నష్టం వచ్చిందంటే మేనేజ్‌మెంట్ హెడ్జింగ్ పేరు చెప్పి జూదం ఆడిందని అర్థం. అమ్మేసి బయటపడండి.

శ్రీలత_బులియన్
వెంకట్ గారు, మీరు చెప్పింది ఒక రకం హెడ్జ్‌కి సరిపోతుంది. ధర ఫలానా స్థాయికి దిగితే ఆ ధరకే అమ్ముకునే హక్కును కొనుక్కుంటే, అంటే పుట్ ఆప్షన్ కొంటే, పోయేది ప్రీమియమే. కానీ గనులు ఎక్కువగా చేసేది ఫార్వర్డ్ అమ్మకం. ఫలానా నెలలో ఇన్ని ఔన్సులు ఇంత ధరకు ఇస్తానని బ్యాంకుకి మాట ఇవ్వడం. ధర పడితే అది కాపాడుతుంది, పెరిగితే ఆ పెరుగుదల మొత్తం బ్యాంకు వైపు పోతుంది. అందులో జూదం లేదు, కానీ ఇన్సూరెన్స్ కూడా కాదు. నేను ముంబైలో ఒక బ్యాంకు బులియన్ డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం కంపెనీ డైరెక్టర్లలోనూ చూశాను.

కిరణ్ గారు, ఒక ఊహా గని తీసుకుందాం. ఏడాదికి లక్ష ఔన్సులు. అన్ని ఖర్చులూ కలిపి ఔన్సుకి 1,400 డాలర్లు. మార్కెట్ ధర 2,000. హెడ్జ్ లేకపోతే ఔన్సుకి 600 మిగులుతుంది. ధర 2,600కి వెళ్లిందనుకోండి. మిగిలేది 1,200. ధర 30 శాతం పెరిగితే లాభం రెట్టింపైంది. గని షేర్లు కొనేవాళ్లు ఆశపడేది దీనికే.

ఇప్పుడు అదే గని సగం ఉత్పత్తిని 2,050కి ఫార్వర్డ్ అమ్మిందనుకుందాం. ధర 2,000 ఉన్నప్పుడు సగటున 2,025 వస్తుంది, మిగిలేది 625. ధర 2,600 అయ్యాక సగటు 2,325, మిగిలేది 925. ఫర్వాలేదనిపిస్తుంది. కానీ బంగారం పెరిగే కాలంలో ఖర్చులు ఊరుకోవు. డీజిల్, జీతాలు, డ్రిల్లింగ్ కాంట్రాక్టర్ల రేట్లు, అన్నీ ఎక్కుతాయి. ఖర్చు 1,400 నుంచి 1,700కి వెళ్లిందనుకోండి. 2,325లోంచి 1,700 తీసేస్తే మళ్లీ 625. ధర 30 శాతం పెరిగినా లాభం ఒక్క డాలరు కూడా కదల్లేదు. మొత్తం హెడ్జ్ చేసిన గనికైతే ముందు 650 మిగిలేది, ఇప్పుడు 350.

ముందే అమ్మింది ధరను మాత్రమే. ఖర్చుకి ఎవరూ తాళం వెయ్యలేదు. మీ కంపెనీలో జరిగింది ఇదే అయి ఉంటుంది.

కిరణ్_డాలస్
ఇది ఎవరూ ఇలా చెప్పలేదు మేడమ్. ఖర్చుల సంగతి నేను అసలు పట్టించుకోలేదు.

సుబ్బారెడ్డి_ప్రొద్దుటూరు
నాకు గనుల సంగతి తెలియదు గానీ హెడ్జింగ్ సంగతి బాగా తెలుసు. మాది ప్రొద్దుటూరులో నగల అంగడి. కిలో బంగారం స్టాకు పెట్టుకుంటే, ధర పడితే మునుగుతామని సరుకుల ఎక్స్ఛేంజీ అయిన ఎంసీఎక్స్‌లో కిలో కాంట్రాక్టు అమ్మి పెడతాం. బాగానే ఉంటుంది. పెరగడం మొదలైతే చూడాలి తమాషా. పది గ్రాములకు వంద రూపాయలు పెరిగితే కిలోకి పదివేలు. మూడు వేలు పెరిగితే మూడు లక్షలు. అంగట్లో సరుకు విలువ కూడా మూడు లక్షలు పెరిగింది, కాదనను. కానీ బ్రోకర్‌కి రేపు పొద్దున కట్టాల్సింది నగదు. హారాలు, గాజులు తీసుకెళ్లి వాడి ముందు పెడితే తీసుకుంటాడా? పెళ్లిళ్ల సీజన్‌లో ఒకసారి ఇట్లాగే రోజూ డబ్బు కట్టలేక పొజిషన్ కోయించుకున్నాం. కోయించుకున్న వారానికే ధర దిగింది. గనులకీ ఇదే గదా జరిగేది?

పద్మజ_విజయవాడ
ఈ దారం చూసి వచ్చాను. ఇప్పుడు గోల్డ్ ఈటీఎఫ్ కొనడం మంచిదా, నగలే కొనుక్కోవాలా? అమ్మాయి పెళ్లి వచ్చే ఏడాది.

మోడరేటర్_గోపి
పద్మజ గారు, దానికి వేరే దారం ఉంది, "బంగారంలో పొదుపు" విభాగంలో అడగండి, జవాబులు బాగా వస్తాయి.

శ్రీలత_బులియన్
సుబ్బారెడ్డి గారు, మీరు చెప్పింది గనుల చరిత్రలో అతి పెద్ద ప్రమాదాల్లో ఒకదానికి అసలు కారణం. దానికి వస్తాను. తేడా ఒకటే. మీ బంగారం అంగట్లో ఉంది, కావాలంటే కరిగించవచ్చు. గనివాళ్లది ఇంకా భూమిలో ఉంది. పైకి తేవడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఖర్చు ఇంకా పెట్టలేదు.

ముందు కిరణ్ గారి రెండో ప్రశ్న, ఎందుకు అమ్ముకుంటారని. మొదటి కారణం అప్పు. కొత్త గని కట్టాలంటే వందల మిలియన్ల డాలర్లు కావాలి. అప్పిచ్చే బ్యాంకుకి బంగారం ఎంత పెరుగుతుందన్నది అక్కర్లేదు, తన వాయిదాలు వస్తాయా లేదా అన్నదే కావాలి. కాబట్టి మొదటి కొన్నేళ్ల ఉత్పత్తిలో ఇంత భాగం ఫార్వర్డ్ అమ్మితేనే అప్పు అని షరతు పెడుతుంది. కొత్తగా కట్టిన గనుల్లో హెడ్జ్ కనబడితే అది మేనేజ్‌మెంట్ అభిప్రాయం కాకపోవచ్చు, అప్పు పత్రంలోని షరతు కావచ్చు.

రెండో కారణం 1990ల్లో బాగా పనిచేసింది. అప్పట్లో కేంద్ర బ్యాంకులు తమ బంగారాన్ని ఏడాదికి ఒక శాతం, ఒకటిన్నర శాతం అద్దెకు ఇచ్చేవి. డాలరు వడ్డీ 5 శాతం పైన. గని ఫార్వర్డ్ అమ్మితే, బ్యాంకు కేంద్ర బ్యాంకు దగ్గర బంగారం అరువు తెచ్చి ఈరోజే మార్కెట్లో అమ్ముతుంది, ఆ డబ్బు వడ్డీకి వేస్తుంది. గడువుకి గని బంగారం ఇస్తుంది, బ్యాంకు దాన్ని కేంద్ర బ్యాంకుకి తిరిగి ఇస్తుంది. వడ్డీకీ అద్దెకీ మధ్య తేడాలో ఎక్కువ భాగం గనికి అధిక ధరగా వస్తుంది. ఔన్సు 400 డాలర్లు ఉండి తేడా 4 శాతం అనుకుంటే, ఐదేళ్ల తర్వాతి ఫార్వర్డ్ ధర 486 దాకా వస్తుంది. మార్కెట్ ఏళ్ల తరబడి పడుతూ ఉంటే ఇది బంగారు బాతు. బారిక్ అనే కెనడా కంపెనీ ఆ దశాబ్దంలో చాలాకాలం మార్కెట్ ధర కంటే ఎక్కువే రాబట్టింది. అప్పట్లో హెడ్జ్ చెయ్యని కంపెనీనే వాటాదారులు తిట్టేవారు.

నిజం_నిప్పు
మేడమ్ చాలా మర్యాదగా చెప్పారు. అసలు మాట నేను చెబుతాను. అరువు బంగారాన్ని ముందే మార్కెట్లో కుమ్మరించి ధరను తొక్కిపెట్టడమే ఈ హెడ్జింగ్. బ్యాంకులు, పెద్ద గనులు కలిసి ఇరవై ఏళ్లు సామాన్యుడి బంగారం ధర పెరక్కుండా చేశాయి. 2002లో బారిక్ మీదా జేపీ మోర్గాన్ మీదా కోర్టులో కేసు కూడా పడింది, వెతుక్కోండి.

శ్రీలత_బులియన్
కేసు పడిన మాట నిజమే. బ్లాంచర్డ్ అనే నాణేల వ్యాపార సంస్థ వేసింది. ముందే అమ్మడం వల్ల రేపు రావాల్సిన బంగారం ఈరోజే మార్కెట్లోకి వస్తుంది, అందువల్ల ధర మీద ఒత్తిడి పడుతుందన్నదీ నిజమే. నేను కాదనను. కానీ అక్కడి నుంచి కుట్ర దాకా వెళ్లాలంటే ఇంకో విషయం మరిచిపోవాలి. 2000 తర్వాత గనులు తమ హెడ్జ్‌లు తగ్గించుకోవడం మొదలుపెట్టాయి, అంటే వెనక్కి కొన్నాయి. అప్పుడు ఒత్తిడి పైవైపు పడింది. అదీ కుట్రేనా?

నిజం_నిప్పు
తొక్కిపెట్టినప్పుడు చౌకగా కొనుక్కున్నవాళ్లు ఎవరో చూడండి, అర్థమవుతుంది. సరే, మీ ఆశాంతి కథ చెప్పండి, అదే చెప్పబోతున్నారు కదా.

శ్రీలత_బులియన్
అవును, అదే.

ఆశాంతి గోల్డ్‌ఫీల్డ్స్, ఘనా దేశపు కంపెనీ. ఒబువాసి అనే పెద్ద పాత గని వాళ్లది. టాంజానియాలో గీటా గని కడుతున్నారు. 1999 మే 7న బ్రిటన్ తన బంగారంలో 415 టన్నులు వేలం వేస్తానని ప్రకటించింది. ధర 280ల నుంచి 250ల్లోకి జారింది. ఇంకా పడుతుందని అందరికీ భయం. ఆశాంతి హెడ్జ్ పుస్తకం దాదాపు కోటి ఔన్సులకు చేరింది. వాళ్ల ఏడాది ఉత్పత్తి 15 లక్షల ఔన్సుల చుట్టూ ఉండేది. అందులో మామూలు ఫార్వర్డ్‌లే కాదు, కాల్ ఆప్షన్లు కూడా అమ్మారు. అంటే ధర పెరిగితే ఫలానా ధరకు మీకు బంగారం ఇస్తామని మాట ఇచ్చి, దానికి ప్రీమియం పుచ్చుకున్నారు. ధర పెరగకపోతే ఆ ప్రీమియం ఉత్తినే వచ్చిన డబ్బు.

సెప్టెంబరు 26న వాషింగ్టన్‌లో యూరప్‌కి చెందిన 15 కేంద్ర బ్యాంకులు ఒక ప్రకటన చేశాయి. ఐదేళ్లలో మొత్తం 2,000 టన్నులకు మించి అమ్మం, అద్దెకిచ్చే బంగారాన్ని ఇప్పుడున్నదానికంటే పెంచం అన్నాయి. 260ల్లో ఉన్న ధర అక్టోబరు 5 నాటికి 325కి వెళ్లింది. అద్దె రేటు కూడా ఒక్కసారిగా ఎగబాకింది.

ఇప్పుడు చూడండి. బంగారం గని ఉన్న కంపెనీకి బంగారం ధర పెరగడం శుభవార్త కావాలి. భూమిలో ఉన్న నిల్వల విలువ నిజంగానే పెరిగింది. కానీ ఆశాంతి హెడ్జ్ పుస్తకం 57 కోట్ల డాలర్ల లోటులో పడింది. ఒప్పందాల ప్రకారం లోటు ఒక హద్దు దాటితే నగదు హామీ కట్టాలి. బ్యాంకులు అడిగింది సుమారు 27 కోట్ల డాలర్లు. కంపెనీ దగ్గర అంత నగదు లేదు. సుబ్బారెడ్డి గారు గాజులు చూపించలేకపోయినట్టే, వాళ్లు ఒబువాసి కింద ఉన్న రాయిని చూపించలేకపోయారు. చివరికి 17 బ్యాంకులతో బేరం కుదిరింది. మూడేళ్లు హామీ అడగకుండా ఉంటాం, బదులుగా కంపెనీలో 15 శాతం వాటాకు హక్కు పత్రాలు ఇవ్వండి అని. కంపెనీ ఆ తర్వాత సొంతంగా నిలబడలేదు, 2004లో ఆంగ్లోగోల్డ్‌లో కలిసిపోయింది.

కుట్ర అవసరం లేదు. కోటి ఔన్సులు, అమ్మిన కాల్స్, నగదు హామీ షరతు. ఈ మూడూ ఒకేచోట ఉంటే ధర పెరగడమే చాలు.

సుబ్బారెడ్డి_ప్రొద్దుటూరు
అమ్మో. మా మూడు లక్షలే నిద్ర పట్టనివ్వలేదు.

వెంకట్_1983
అంటే కాల్స్ అమ్మడం జూదమే కదా మేడమ్? నేను చెప్పింది కూడా అదే.

శ్రీలత_బులియన్
కాల్స్ సంగతిలో మీతో చాలావరకు ఏకీభవిస్తాను. పుట్ కొని, దాని ఖర్చు కోసం అంతే పరిమాణానికి పైధరలో కాల్ అమ్మితే అది తప్పుడు పని కాదు, చాలామంది చేస్తారు. కాల్స్ పరిమాణం పుట్‌ల కంటే పెరిగిపోతుంటే మాత్రం కంపెనీ తన ఉత్పత్తిని కాపాడుకోవడం లేదు, ప్రీమియం మీద బతుకుతోందని అనుమానించాలి.

రమణ_పెర్త్
ఆలస్యంగా చూశాను. కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివి సింగరేణిలో కొన్నాళ్లు చేసి, ఇప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియాలో బంగారు గనుల ప్లానింగ్‌లో ఉన్నాను. శ్రీలత గారు డబ్బు వైపు చెప్పారు, నేను రాయి వైపు చెబుతాను.

గనిలో మాకు తయారయ్యేది స్వచ్ఛమైన బంగారం కాదు, డోరే కడ్డీలు. వెండి, రాగి కలిసి ఉంటాయి. అవి పెర్త్ మింట్ రిఫైనరీకి వెళ్తాయి. అక్కడ శుద్ధి చేసి, ఇన్ని ఔన్సులని మా ఖాతాలో రాస్తారు. హెడ్జ్ డెలివరీ అంటే ట్రక్కులో కడ్డీలు మోసుకెళ్లి బ్యాంకుకి ఇవ్వడం కాదు, ఆ ఖాతాలోంచి బ్యాంకు ఖాతాకి ఔన్సులు మార్చడం. నెలాఖరుకి ఇన్ని ఔన్సులు అని ఒప్పందం ఉంటే ఇవ్వాల్సిందే. మిల్లు బేరింగ్ పోయి వారం ఆగినా, తుఫాను వచ్చి పిట్‌లో నీళ్లు నిండినా, తవ్విన చోట గ్రేడు, అంటే టన్ను రాయిలో ఉండే బంగారం, అనుకున్నదాని కంటే తక్కువ వచ్చినా బ్యాంకుకి సంబంధం లేదు. ఔన్సులు చాలకపోతే ఉదాహరణకు, మార్కెట్లో 6,000 ఆస్ట్రేలియన్ డాలర్లకు కొని 2,900కి అప్పగించాలి. గడువు పొడిగించమని బతిమాలుకోవచ్చు, దానికీ ధర ఉంటుంది.

ఇక్కడ సన్స్ ఆఫ్ గ్వాలియా అని పేరున్న కంపెనీ ఉండేది. 2004 ఆగస్టులో చేతులెత్తేసింది. నిల్వల్ని మళ్లీ లెక్క వేస్తే హెడ్జ్ ఒప్పందాలకు సరిపడా బంగారం తీయలేమని తేలింది. అప్పుడు ఆస్ట్రేలియన్ డాలర్లలో బంగారం పెద్దగా పరుగెత్తలేదు కూడా. ధర కంటే ముందు రాయి మోసం చేసింది. అందుకే హెడ్జ్ ఎంత అన్నది ఏడాది ఉత్పత్తితో పోల్చడం ఒక్కటే చాలదు, ఆ ఔన్సులు రాబోయే గని భాగం ఎంత నమ్మదగిందో చూడాలి.

ఇంకో చిన్న విషయం, కిరణ్ గారికి పనికొస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ప్రభుత్వానికి కట్టే బంగారం రాయల్టీ 2.5 శాతం. దాన్ని లెక్కించేది ఆ నెల మార్కెట్ సగటు ధర మీద, మనకు చేతికొచ్చిన ధర మీద కాదు. ధర 6,000 ఉంటే ఔన్సుకి 150 డాలర్లు. ఆ ఔన్సుని హెడ్జ్‌లో 2,900కి ఇచ్చినా 150 కట్టాల్సిందే. ఇచ్చిన ధర మీద వేసుంటే 72 అయ్యేది. శ్రీలత గారి లెక్కలో ఖర్చు పెరగడం అన్నారు కదా, అందులో ఇదీ ఒక ముక్క.

కిరణ్_డాలస్
రమణ గారు, నా కంపెనీ గని పశ్చిమ ఆస్ట్రేలియాలోనే ఉంది. రాయల్టీ లైను ఎందుకు ఉబ్బిందో ఇప్పుడు తెలిసింది.

ఈ రెండు రోజులుగా బారిక్ గురించి చదువుతున్నా. ఒక లెక్క కుదరడం లేదు. 2009 సెప్టెంబరులో బంగారం 1,000 డాలర్లు తాకినప్పుడు హెడ్జ్‌లు ఎత్తేస్తున్నామని ప్రకటించారు. ఫిక్స్‌డ్ ధర కాంట్రాక్టులు 30 లక్షల ఔన్సులు. ఖాతాల్లో రాసిన నష్టం 560 కోట్ల డాలర్లు. భాగిస్తే ఔన్సుకి 1,866 వస్తుంది. బంగారం ధరే 1,000 ఉన్నప్పుడు ఔన్సుకి 1,866 నష్టం ఎలా వస్తుంది? ఉచితంగా పంచినా రాదు కదా.

నిజం_నిప్పు
చెప్పానా, లెక్కల్లో ఏదో ఉందని.

శ్రీలత_బులియన్
కిరణ్ గారు, భాగించి చూశారు, చాలామంది అదీ చెయ్యరు. లెక్క తప్పలేదు, రెండు వేర్వేరు కుప్పల్ని ఒకటిగా చూస్తున్నారు.

ఆ 30 లక్షల ఔన్సుల ఫిక్స్‌డ్ కాంట్రాక్టులు ఎత్తేయడానికి అనుకున్నది 190 కోట్ల డాలర్లు. ఔన్సుకి 630 చిల్లర. మార్కెట్ 1,000 దగ్గర ఉంది కాబట్టి ఒప్పంద ధర 360, 370 చుట్టూ ఉందన్నమాట. కుదిరిందా? మిగతా 370 కోట్లు "ఫ్లోటింగ్" కాంట్రాక్టులవి. అవి అంతకుముందే ఫిక్స్‌డ్‌గా ఉండి, తర్వాత కంపెనీ వాటి ధరను మార్కెట్‌కి వదిలేసుకున్నవి. ఇకమీద ధర పెరిగితే కొత్త నష్టం రాదు, కానీ అప్పటిదాకా పేరుకున్న నష్టం డాలర్లలో బాకీగా గడ్డకట్టి ఉండిపోయింది. పేరు కాంట్రాక్టు, తత్వం అప్పు.

ఇక ఆ నష్టం అంతా ఒక్క త్రైమాసికంలోనే ఎందుకు పడిందన్నది మీ అసలు ప్రశ్నకు దగ్గర విషయం. బారిక్ ఒప్పందాల్లో ఆశాంతికి ఉన్నట్టు నగదు హామీ షరతు లేదు. డెలివరీని ఏళ్ల తరబడి వాయిదా వేసుకునే వీలుంది. అందుకని ధర పెరిగినా నగదు కోసం ఎవరూ తలుపు తట్టలేదు. రేపు మన బంగారమే ఇచ్చి తీరుస్తాం అని చెప్పినంతకాలం, ఆ కాంట్రాక్టుల లోటును లాభనష్టాల ఖాతాలో చూపించక్కర్లేదని అకౌంటింగ్ నియమం. అవి మామూలు అమ్మకాల ఒప్పందాలుగా లెక్క. లోటు ఉన్నట్టు నోట్సులో మాత్రం రాసేవారు. బంగారం ఇవ్వం, డబ్బిచ్చి తెంపేసుకుంటాం అని నిర్ణయించిన రోజున ఆ వెసులుబాటు పోయింది. ఏళ్ల నష్టం ఒక్క దెబ్బకు ఖాతాలోకి వచ్చింది. బంగారం 1,000 డాలర్లు తాకిన త్రైమాసికంలో, అప్పట్లో ప్రపంచంలో అతి పెద్ద బంగారు గని కంపెనీ 535 కోట్ల డాలర్ల నికర నష్టం చూపించింది. దాని కోసం కొత్త షేర్లు అమ్మి సుమారు 400 కోట్ల డాలర్లు తెచ్చారు. పాత వాటాదారుల ముక్క అంతమేర చిన్నదైంది.

కాబట్టి లాభనష్టాల ఖాతా చూసి హెడ్జ్ భారం ఎంతో తెలుసుకోలేం. డెరివేటివ్‌ల నోట్, అంటే ఇలాంటి ఒప్పందాల వివరాలు రాసే చోటు, వెతకాలి. ఎన్ని ఔన్సులు, ఏ ఏడాదికి ఎన్ని, సగటు ధర ఎంత, నగదు హామీ షరతు ఉందా. ఈ నాలుగూ దొరికితే చాలు.

వెంకట్_1983
అంత నష్టానికి తెంపుకోవడం తెలివైన పనేనా మరి?

శ్రీలత_బులియన్
2011 సెప్టెంబరులో బంగారం 1,900 దాటింది. అప్పటిదాకా ఉంచుకుని ఉంటే ఫిక్స్‌డ్ కాంట్రాక్టుల లోటు రెట్టింపుకు పైగా అయ్యేది. 2015 చివర మళ్లీ 1,050కి వచ్చింది. ఏ తేదీన నిలబడి చూస్తారన్న దాని మీద ఉంటుంది వెంకట్ గారు. నా ఉద్దేశంలో నిర్ణయం సరైనదే, ఆలస్యమైంది.

రమణ_పెర్త్
ఇటీవలి ఉదాహరణ మా దగ్గర రీజిస్ రిసోర్సెస్. వాళ్ల పాత హెడ్జ్ ఔన్సుకి 1,571 ఆస్ట్రేలియన్ డాలర్లు. 2023 డిసెంబరులో మార్కెట్ 3,000 పైన ఉన్నప్పుడు మిగిలిన 63,000 ఔన్సుల్ని 9.8 కోట్ల డాలర్లు కట్టి తెంపుకున్నారు. అప్పుడు ఇక్కడ చాలామంది నవ్వారు, నెత్తిన ఎక్కి కూర్చున్న ధరకి కొంటారా అని. తర్వాత ధర 6,000 అయింది.

లక్ష్మణ్_కర్నూలు
మా జిల్లాలో తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర బంగారు గని వచ్చింది కదా. దానికీ ఇలాంటివి ఉంటాయా? మా బంధువుల పొలాలు అటువైపే. షేరు కొనమంటున్నారు ఊళ్లో.

శ్రీలత_బులియన్
లక్ష్మణ్ గారు, ఊళ్లో చెప్పారని కొనకండి. ఆ గని నడిపే కంపెనీ, దానిలో వాటా ఉన్న డెక్కన్ గోల్డ్ మైన్స్ వార్షిక నివేదికలు తెరవండి. అప్పులు ఎవరి దగ్గర, ఏ షరతులతో తెచ్చారో చూడండి. నేను ఇందాక చెప్పినట్టు, హెడ్జ్ ఉంటే చాలాసార్లు దాని మూలం అప్పు పత్రంలోనే ఉంటుంది. చిన్న గనికి మాత్రం హెడ్జ్ కంటే ముందు చూడాల్సింది రమణ గారు చెప్పిందే. చెప్పినన్ని ఔన్సులు నెలనెలా వస్తున్నాయా?

సుబ్బారెడ్డి_ప్రొద్దుటూరు
జొన్నగిరి ఏరియాలో వానలకి వజ్రాలు కూడా దొరుకుతాయి లక్ష్మణ్. అందుకు హెడ్జింగ్ అక్కర్లేదు 🙂

కిరణ్_డాలస్
శ్రీలత గారు చెప్పిన నోట్ దొరికింది. పోయిన త్రైమాసికంలో అమ్మింది 38,000 ఔన్సులు. అందులో 20,000 ఔన్సులు 2,900 ఆస్ట్రేలియన్ డాలర్లకు హెడ్జ్‌లో పోయాయి. మిగతా 18,000 మార్కెట్లో, 6,000 దగ్గర. సగటు 4,370 చుట్టూ. కాల్స్ ఏమీ అమ్మలేదు. నగదు హామీ షరతు లేదని రాశారు. గని కట్టినప్పటి అప్పు కోసమే పెట్టిన హెడ్జ్, ఆ అప్పు దాదాపు తీరిపోయింది. ఇంకా 60,000 ఔన్సులు మిగిలాయి, మూడు త్రైమాసికాల్లో అయిపోతాయి. రీజిస్ లాగా ఇప్పుడే తెంపుకోవాలంటే ఔన్సుకి 3,100 చొప్పున 18.6 కోట్ల డాలర్లు అవుతుందని నా లెక్క. తెంపుకుంటే మంచిదా?

శ్రీలత_బులియన్
లెక్క సరిగ్గానే వేశారు. తొమ్మిది నెలల్లో అయిపోయేదాని కోసం నేనైతే అంత నగదు ఖర్చు పెట్టను. తెంపుకున్నా, అప్పగించినా ఈరోజు ధరకి ఆ 18.6 కోట్లు పోయినట్టే. తెంపుకోవడం అంటే, ఇక్కడి నుంచి ఇంకా పెరుగుతుందని పందెం కాయడం. హామీ షరతు లేదు, కాల్స్ లేవు. కాలమే తీర్చేస్తుంది. మూడు త్రైమాసికాల తర్వాత ధర ఇక్కడే ఉన్నా అమ్మకం సగటు 4,370 నుంచి 6,000కి ఎగురుతుంది.

రమణ_పెర్త్
నేను ఒప్పుకోను మేడమ్. ఉత్పత్తిలో సగానికి పైగా కట్టుబడి ఉన్న గనిలో మేనేజర్ ఏం చేస్తాడో నేను రోజూ చూస్తాను. నెలాఖరు డెలివరీ కోసం మంచి గ్రేడున్న చోటు ముందే తవ్వేస్తాడు. పైమట్టి తీసే పని వెనక్కి నెడతాడు. ఆ ఖర్చు మీ నోట్‌లో కనపడదు, రెండేళ్ల తర్వాత గ్రేడు పడిపోయినప్పుడు కనపడుతుంది. వాళ్ల చేతిలో నగదు ఉంటే కనీసం సగమైనా తెంపుకోమంటాను.

శ్రీలత_బులియన్
గని ప్లాను ఇంత ఒత్తిడిలో ఉందని తెలిస్తే నేనూ ఆలోచిస్తాను. ఈ కంపెనీలో అలా జరుగుతోందని దేన్ని చూసి చెప్పగలం?

రమణ_పెర్త్
కిరణ్ గారు, గత ఆరు త్రైమాసికాల రిపోర్టుల్లో రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి. మిల్లుకి వెళ్లిన రాయి సగటు గ్రేడు ఒకటి, ఆ గని మొత్తం నిల్వల సగటు గ్రేడు ఒకటి. మొదటిది ప్రతిసారీ రెండోదాని కంటే బాగా ఎక్కువ ఉంటే మంచి ముక్క ముందే తినేస్తున్నారు. స్ట్రిప్పింగ్ రేషియో, అంటే టన్ను ఖనిజానికి ఎంత పైమట్టి తీశారన్న లెక్క, ఇస్తే అదీ చూడండి, తగ్గుతూ వస్తోందేమో.

కిరణ్_డాలస్
నిల్వల గ్రేడు టన్నుకి 1.4 గ్రాములు. మిల్లుకి వెళ్లింది గత నాలుగు త్రైమాసికాల్లో 1.7, 1.8, 1.8, 1.9. అంతకుముందువి ఇంకా తీయాలి. స్ట్రిప్పింగ్ అంకె విడిగా ఇవ్వలేదు. వచ్చే నెల ఇన్వెస్టర్ కాల్ ఉంది, ప్రశ్నలు ముందే ఈమెయిల్‌లో పంపమన్నారు. ఈ రెండూ అడుగుతున్నాను. జవాబు వస్తే ఇక్కడే పెడతా.